గ్యాస్ మాత్రకు లొంగని గ్యాస్: ఊపిరి పరీక్ష రిపోర్టును ఎలా చదవాలి

క్లుప్తంగా: చిన్నపేగులో ఉండాల్సిన దానికంటే ఎక్కువ బ్యాక్టీరియా చేరడాన్ని డాక్టర్లు ‘సిబో’ అంటున్నారు. దాన్ని పట్టుకోవడానికి వాడే ఊపిరి పరీక్ష సులువే గానీ, రిపోర్టులో ‘పాజిటివ్’ అన్న మాట ఒక్కటే చూస్తే మోసపోవచ్చు. ఏ చక్కెర తాగించారు, ముందు రోజు ఏం తిన్నారు, గ్యాస్ ఏ నిమిషంలో పెరిగింది అన్నవి చూశాకే యాంటీబయాటిక్ సంగతి. మూలకారణం అలాగే ఉండిపోతే చాలామందిలో సమస్య కొన్ని నెలలకే తిరగబెడుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ మందుల షాపు ముందు పావుగంట నిలబడినా ‘గ్యాస్ బిళ్ల’ అడిగేవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. షాపువాళ్లు ఇచ్చేది చాలాసార్లు పాంటోప్రజోల్ లేదా ఒమెప్రజోల్. ఇవి జీర్ణాశయంలో యాసిడ్‌ను తగ్గిస్తాయి. గుండెలో మంట, పుల్లటి తేన్పులు ఉంటే వీటితో ఉపశమనం దొరుకుతుంది. అన్నం తిన్న గంటకే పొట్ట డప్పులా బిగుసుకుపోవడం వేరే సంగతి. ఆ గ్యాస్‌ను తయారు చేసేది యాసిడ్ కాదు, పేగులోని సూక్ష్మజీవులు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆ సూక్ష్మజీవుల్ని పైనుంచి దిగకుండా ఆపే మొదటి కాపలా ఆ యాసిడే.

చిన్నపేగు ఎందుకు శుభ్రంగా ఉంటుంది

పెద్దపేగు నిండా బ్యాక్టీరియా ఉంటుంది, ఉండాలి కూడా. చిన్నపేగు పైభాగంలో మాత్రం చాలా తక్కువ. మింగిన సూక్ష్మజీవుల్లో ఎక్కువ భాగాన్ని జీర్ణాశయంలోని యాసిడ్ చంపేస్తుంది. మిగిలినవాటిని పిత్తరసం, క్లోమరసం అదుపులో పెడతాయి. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఒక కవాటం ఉండి, కింది సరుకు పైకి ఎగదన్నకుండా చూస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది చీపురు పని. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు గంటన్నర నుంచి రెండు గంటలకోసారి ఒక బలమైన అల పైనుంచి బయలుదేరి, మిగిలిపోయిన తిండి తునకల్నీ బ్యాక్టీరియానీ కిందికి ఊడ్చుకుపోతుంది. ఏదైనా తినగానే ఆ అల ఆగిపోతుంది. ఎన్నో ఏళ్ల షుగర్ వల్ల పేగు నరాలు దెబ్బతిన్నా, థైరాయిడ్ బాగా తగ్గినా, నొప్పికి నల్లమందు జాతి మందులు వాడుతున్నా ఈ ఊడ్పు మందగిస్తుంది. పాత ఆపరేషన్ వల్ల పేగులు అతుక్కున్నా, పేగు టీబీ వల్ల ఒక చోట సన్నబడినా నీళ్లు నిలిచిన కాలువలా అక్కడ బ్యాక్టీరియా పెరుగుతుంది. అందుకే బరువు తగ్గడం, జ్వరం, మలంలో రక్తం, నొప్పితో పాటు వాంతులు ఉన్నవాళ్లకు ముందు చేయాల్సింది స్కానింగ్, ఎండోస్కోపీ వంటివి. ఊపిరి పరీక్ష తర్వాతి మాట.

చిన్నపేగులో స్థిరపడిన బ్యాక్టీరియా మనం తిన్న పిండిపదార్థాల్ని మనకంటే ముందే పులియబెడుతుంది. అందువల్ల ఉబ్బరం, కడుపులో గుడగుడలు, పల్చటి విరేచనాలు. సమస్య ముదిరితే కొవ్వు సరిగా అరగదు. కొన్ని బ్యాక్టీరియాలు బి12 విటమిన్‌ను తినేసి ఫోలేట్‌ను తయారు చేస్తాయి. రక్తపరీక్షలో బి12 తక్కువగా, ఫోలేట్ మామూలుగా లేదా ఎక్కువగా ఉంటే డాక్టరుకు అనుమానం రావడానికి అదొక ఆనవాలు.

పేగు సంగతి ఊపిరిలో ఎలా తెలుస్తుంది

నేరుగా చూడాలంటే ఎండోస్కోపీ గొట్టంతో చిన్నపేగు నుంచి కాస్త ద్రవం తీసి కల్చర్‌కు పంపాలి. మిల్లీలీటరుకు 1,000 లేదా అంతకంటే ఎక్కువ బ్యాక్టీరియా పెరిగితే సిబో అని 2020 నాటి అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంతకుముందు ఈ గీత 1,00,000 దగ్గర ఉండేది. కల్చర్ ఖర్చుతో కూడుకున్న పని. గొట్టం నోటి గుండా వెళ్తుంది కాబట్టి నోటి క్రిములు కలిసిపోయే ప్రమాదమూ ఉంది.

అందుకే ఊపిరి పరీక్ష వచ్చింది. మనిషి శరీర కణాలు హైడ్రోజన్ వాయువును తయారు చేయలేవు, పేగులోని సూక్ష్మజీవులు చేస్తాయి. అందులో కొంత రక్తంలోకి పీల్చుకుపోయి, ఊపిరితిత్తుల గుండా బయటికి వస్తుంది. పరగడుపున ఒకసారి ఊదించి, చక్కెర నీళ్లు తాగించి, ఆపైన పదిహేను ఇరవై నిమిషాలకోసారి రెండు మూడు గంటల పాటు ఊదిస్తారు. ఆ చక్కెర బ్యాక్టీరియాకు ఎప్పుడు చిక్కితే అప్పుడు హైడ్రోజన్ పెరుగుతుంది. మొదటి 90 నిమిషాల్లోపు, పరగడుపు అంకె మీద 20 పీపీఎం, అంటే ఊదిన గాలిలో పది లక్షల పాళ్లకు 20 పాళ్లు, లేదా అంతకంటే ఎక్కువ పెరిగితే పాజిటివ్ అన్నది 2017లో ఉత్తర అమెరికా నిపుణులు కుదుర్చుకున్న లెక్క. గ్లూకోజ్ పరీక్షకు 12 పీపీఎం పెరిగితే చాలన్న పాత లెక్క వాడే చోట్లు కూడా ఉంటాయి. కాబట్టి ఒక చోట పాజిటివ్ అన్నది మరో చోట నెగెటివ్ కావచ్చు. అంకెల పట్టిక లేకుండా ఒక్క ముక్కలో ఫలితం రాసిన రిపోర్టు వల్ల పెద్దగా ఉపయోగం లేదు.

గ్లూకోజా, లాక్టులోజా?

ఈ పరీక్షలో అసలు కిటుకు తాగించే చక్కెరలోనే ఉంది. గ్లూకోజ్ అయితే 75 గ్రాములు, అంటే గర్భిణులకు షుగర్ పరీక్షలో తాగించేంత. ఇది చిన్నపేగు పైభాగంలోనే దాదాపుగా ఒంటికి పట్టేస్తుంది, పెద్దపేగు దాకా మామూలుగా వెళ్లదు. కాబట్టి దీనితో హైడ్రోజన్ పెరిగితే పైభాగంలో బ్యాక్టీరియా ఉందని నమ్మడానికి ఆస్కారం ఎక్కువ. అయితే బ్యాక్టీరియా చిన్నపేగు చివర్లో మాత్రమే ఉంటే గ్లూకోజ్ అక్కడిదాకా చేరదు, రిపోర్టు నెగెటివ్ అని వస్తుంది.

లాక్టులోజ్ మలబద్ధకానికి ఇచ్చే తియ్యటి సిరప్పే. పరీక్షకు 10 గ్రాములు, అంటే సుమారు 15 మిల్లీలీటర్ల సిరప్ వాడతారు. ఇది ఒంటికి అసలు పట్టదు, పేగు పొడవునా ప్రయాణించి పెద్దపేగులోకి వెళ్తుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని తప్పకుండా పులియబెడుతుంది. అంటే లాక్టులోజ్ తాగిన దాదాపు ప్రతి ఒక్కరిలో ఎప్పుడో ఒకప్పుడు గ్యాస్ పెరగాల్సిందే. 90 నిమిషాల లోపు పెరిగిందా, తర్వాతా అన్నదే తేడా. పేగు కదలిక వేగంగా ఉన్న మనిషిలో ఆ సిరప్ గంటకే పెద్దపేగు చేరుకోవచ్చు. అప్పుడు యంత్రం చూపేది ప్రయాణ వేగాన్ని, రోగాన్ని కాదు. 2011లో కెనడా పరిశోధకులు లాక్టులోజ్‌తో పాటు స్కాన్‌లో కనిపించే పదార్థాన్ని కూడా తాగించి చూశారు. ఎక్కువమందిలో హైడ్రోజన్ పెరిగే సమయానికి ఆ పదార్థం అప్పటికే పెద్దపేగులోకి చేరిపోయి ఉంది.

విరేచనాలతో బాధపడేవాళ్ల పేగు వేగంగానే కదులుతుంది. అంటే సిబో ఉందేమోనని పరీక్షకు వెళ్లేవాళ్లలోనే లాక్టులోజ్ తప్పుడు పాజిటివ్ ఇచ్చే అవకాశం ఎక్కువ. భారతీయ నిపుణుల సంఘం చొరవతో 2022లో వెలువడిన ఆసియా-పసిఫిక్ ఏకాభిప్రాయ పత్రం ఈ విషయంలో గ్లూకోజ్ వైపే మొగ్గింది. ఉన్న రోగాన్ని కొందరిలో అది పట్టుకోలేకపోయినా, లేని రోగాన్ని అంటగట్టడం తక్కువ కాబట్టి.

ముందు రోజు తిండి, ఆ పూట చుట్ట

పరీక్ష పాడయ్యేది చాలాసార్లు ల్యాబులో కాదు, ఇంట్లో. నాలుగు వారాల లోపు యాంటీబయాటిక్ వాడి ఉంటే ఫలితం నమ్మదగింది కాదు. విరేచనాలైతే షాపులో అడిగి రెండు రోజులు మింగే మాత్రల్లో కూడా యాంటీబయాటిక్ ఉంటుందని చాలామందికి తెలియదు, అందుకే ‘వాడలేదు’ అంటారు. పాత చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు డాక్టరుకు చూపిస్తే ఈ పేచీ ఉండదు. విరేచనాలు అయ్యే మందులు కనీసం వారం ముందు ఆపాలి.

ముందు రోజు పప్పు, కూరగాయలు, పాలు, పండ్లు, గోధుమ వంటకాలు వద్దు. వరి అన్నం దాదాపు పూర్తిగా అరిగిపోతుంది కాబట్టి వేడి తెల్లన్నం, ఉప్పు వేసి ఉడికించిన చేప లేదా గుడ్డు సరిపోతాయి. శాకాహారులు ఉప్పు, కాస్త నూనె కలిపిన అన్నంతో ఆ పూట గడిపేయాలి. ఉత్తరాంధ్ర ఇళ్లలో ఇష్టంగా తినే చద్దన్నం, తరవాణి ఆ రోజుకు పనికిరావు. చల్లారిన అన్నంలో కొంత పిండి అరగని రూపంలోకి మారి పెద్దపేగుకు చేరుతుంది. అంబలి కూడా వద్దు.

రాత్రి ఎనిమిదికి తినేసి, ఉదయం దాకా నీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. పరీక్షకు విశాఖపట్నం వెళ్లాల్సి వస్తే విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద దాటుతుంది. తెల్లవారుజామున పరుగెత్తి బస్సు పట్టుకుని, ఆయాసపడుతూ ల్యాబులో కూర్చోవడం కంటే ముందు రాత్రే చేరడం నయం. వేగంగా ఊపిరి తీస్తే అంకెలు తగ్గుతాయి, నిద్రపోతే మారతాయి. ఊదే ముందు నోరు బాగా పుక్కిలించాలి, లేకపోతే నోట్లోని క్రిములు చక్కెరను పులియబెట్టి మొదటి పదిహేను నిమిషాల్లోనే ఒక దొంగ శిఖరం చూపిస్తాయి. పొగ కూడా హైడ్రోజన్ అంకెను పెంచుతుంది. తీరప్రాంత పల్లెల్లో కొందరు పెద్ద వయసు ఆడవాళ్లకు అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు ఉంది. ల్యాబులో ‘సిగరెట్ తాగుతారా’ అని అడిగితే ‘లేదు’ అనే చెబుతారు, ‘చుట్ట’ అని అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు ఉదయం మాత్ర, ఇన్సులిన్ ఏం చేయాలో ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. పరగడుపు ఒక చిక్కు, 75 గ్రాముల గ్లూకోజ్ మరొకటి.

ఒక రిపోర్టును దగ్గరగా చూస్తే

వివరించడానికి ఒక ఊహా రోగిని తీసుకుందాం. రాజాం వైపు 58 ఏళ్ల రైతు. పన్నెండేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ వాడకం. మూడేళ్ల క్రితం గుండెమంటకు రాసిన పాంటోప్రజోల్‌ను ఆపమని ఎవరూ చెప్పలేదు, రోజూ పరగడుపున వేసుకుంటూనే ఉన్నారు. ఏడాదిగా తిన్న గంటకు పొట్ట ఉబ్బడం, రోజుకు మూడు నాలుగు సార్లు పల్చగా వెళ్లడం. బి12 తక్కువ. కొలనోస్కోపీ, స్కానింగ్ మామూలుగానే వచ్చాయి.

గ్లూకోజ్ పరీక్షలో ఆయన హైడ్రోజన్ పరగడుపున 6 పీపీఎం. 15 నిమిషాలకు 8, 30కి 14, 45కి 24, 60కి 37, 75కి 33, 90కి 25, రెండు గంటలకు 13. మీథేన్ మొదటి నుంచి చివరిదాకా 2, 3 మధ్యే ఉంది. నలభై ఐదో నిమిషంలో పెరుగుదల 18, ఇంకా గీత దాటలేదు. అరవయ్యో నిమిషంలో 31, గీత దాటింది. పరగడుపు అంకె తక్కువగా ఉంది, కాబట్టి ముందు రోజు తిండి నియమం పాటించారని అర్థం. పదిహేనో నిమిషంలో దొంగ శిఖరం లేదు. గ్లూకోజ్ ఒంటికి పట్టేకొద్దీ అంకె దిగింది. నమ్మదగిన పాజిటివ్ ఇది.

ఇదే మనిషికి లాక్టులోజ్ ఇచ్చి, 75వ నిమిషం దాకా 5, 6, 7 అంటూ నిలకడగా ఉండి, 90కి 29, 120కి 60 వచ్చిందనుకుందాం. కాగితం మీద ఇదీ పాజిటివే, 90 నిమిషాల్లోనే 20కి పైగా పెరిగింది. కానీ గ్రాఫు ఆకారం సిరప్ పెద్దపేగు గుమ్మం దాటిందని చెబుతోంది. దీన్ని పట్టుకుని రెండు వారాల యాంటీబయాటిక్ మొదలుపెట్టడం తొందరపాటే. మరో రకం రిపోర్టు కూడా తరచూ కనిపిస్తుంది: పరగడుపునే 28 ఉండి, చివరిదాకా 25, 30 మధ్య ఊగుతూ ఉంటుంది. ముందు రాత్రి పప్పన్నం తిన్నవాళ్లలో ఇలా వస్తుంది. పరీక్ష మళ్లీ చేయించుకోవడమే దారి.

ఈ రైతు విషయంలో ఇంకో పీటముడి ఉంది. మెట్‌ఫార్మిన్ కూడా విరేచనాలు తెప్పిస్తుంది, అదీ బి12ను తగ్గిస్తుంది. రిపోర్టు ఎంత చక్కగా పాజిటివ్ వచ్చినా, ఆయన బాధంతా సిబో వల్లే అనడానికి వీల్లేదు. మెట్‌ఫార్మిన్ రకాన్నో మోతాదునో మార్చి చూడటం యాంటీబయాటిక్ కంటే చవక.

42 మాత్రలు

హైడ్రోజన్ పెరిగినవాళ్లకు ఎక్కువగా రాసేది రిఫాక్సిమిన్. ఒంటికి దాదాపుగా పట్టకుండా పేగులోనే పనిచేయడం దీని ప్రత్యేకత. ఎక్కువగా చెప్పే లెక్క 550 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, 14 రోజులు. మొత్తం 42 మాత్రలు. ధర చూసి సగం కొనుక్కుని ఐదో రోజుకే ఆపేసేవాళ్లు ఉంటారు. అప్పుడు మందు పనిచేయలేదో, పూర్తిగా వాడలేదో తేల్చడం కష్టం. ఖర్చు ఇబ్బందైతే ఆ మాట ముందే చెప్పడం మంచిది, వేరే యాంటీబయాటిక్‌లూ ఉన్నాయి. అయితే అవి ఒంట్లోకి ఎక్కువగా పడతాయి, దుష్ఫలితాలూ ఎక్కువే.

ఈ మందు మీద ఆశ ఎంత పెట్టుకోవచ్చు? 2011లో ప్రచురితమైన రెండు పెద్ద మందు ప్రయోగాల్లో మలబద్ధకం లేని ఐబీఎస్ రోగులకు, అంటే పేగులో పుండూ వాపూ కనిపించకుండానే కడుపునొప్పి, విరేచనాల ఇబ్బంది ఉన్నవాళ్లకు, ఇదే మోతాదు ఇచ్చారు. తగినంత ఉపశమనం దొరికిందన్నవాళ్లు మందు వాడినవారిలో నూటికి 41 మంది, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 32 మంది. తేడా నిజమే గానీ, తొమ్మిది మందికి మాత్రమే. అది ఐబీఎస్ లెక్క, సిబో తేలినవాళ్లది కాదు. ఊపిరి పరీక్ష సరిగ్గా పాజిటివ్ వచ్చినవాళ్లలో ఫలితం ఇంతకంటే మెరుగ్గా ఉండొచ్చని చిన్న అధ్యయనాలు సూచిస్తున్నాయి.

మీథేన్ అయితే లెక్క వేరు, ఉద్దానంలో మరీ వేరు

పేగులో మీథేన్ తయారు చేసేవి బ్యాక్టీరియా కావు, ఆర్కియా అనే వేరే జాతి జీవులు. ఇవి నాలుగు పాళ్ల హైడ్రోజన్‌ను మింగి ఒక పాలు మీథేన్ విడుస్తాయి. అందువల్ల హైడ్రోజన్ అంకె తక్కువగా కనిపించవచ్చు. హైడ్రోజన్ ఒక్కటే కొలిచే యంత్రం అయితే ‘నెగెటివ్’ అని రాసి పంపేస్తుంది. మీథేన్ ఏ నిమిషంలోనైనా 10 పీపీఎం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే పాజిటివ్. వీళ్లలో విరేచనాల కంటే మలబద్ధకం ఎక్కువ, ఎందుకంటే మీథేన్ పేగు కదలికను నెమ్మదింపజేస్తుంది.

ఈ రకానికి రిఫాక్సిమిన్‌తో పాటు నియోమైసిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు కలిపి ఇచ్చిన అధ్యయనాలు ఉన్నాయి, ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించే సలహా కూడా అదే. శ్రీకాకుళం జిల్లాలో ఇక్కడ ఆగి ఆలోచించాలి. నియోమైసిన్ కిడ్నీలకూ చెవులకూ హాని చేయగల మందు. నోటి ద్వారా తీసుకుంటే ఒంటికి పట్టేది కొద్దిగానే, కానీ కిడ్నీలు బలహీనంగా ఉంటే ఆ కొద్దీ బయటికి పోక పేరుకుంటుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో తెలిసిందే. తొలి దశల్లో అది ఏ లక్షణమూ చూపదు. అక్కడి రోగికి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా నియోమైసిన్ రాయడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. అమెరికాలో రాసిన సలహాలో ఉద్దానం ఉండదు కదా.

తిండి ఎంతవరకు

తిండి మార్పుతో బాధ తగ్గుతుంది. బ్యాక్టీరియా పోతుందని చెప్పడానికి మాత్రం గట్టి రుజువు లేదు. పులిసే చక్కెరలు తక్కువగా ఉండే ‘లో ఫాడ్‌మ్యాప్’ పద్ధతి ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. రెండు నుంచి ఆరు వారాలు కొన్ని పదార్థాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి చేర్చి, ఏది పడటం లేదో కనిపెట్టడం దాని పద్ధతి. ఆపడం దగ్గరే ఆగిపోయి, ఏళ్ల తరబడి పప్పు మానేసినవాళ్లు నీరసపడతారే తప్ప బాగుపడరు.

మన వంటింట్లో ముఖ్యమైన దోషులు ఉల్లి, వెల్లుల్లి, పాలు, పప్పులు. ఉల్లి, వెల్లుల్లిలో ఇబ్బంది పెట్టే చక్కెర నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు. కాబట్టి నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేయించి, రెబ్బలు తీసేసి, ఆ నూనెతో పోపు పెడితే వాసన ఉంటుంది, ఉబ్బరం ఉండదు. పప్పును నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండితే కొంత నయం. పలాస జీడిపప్పు ఈ లెక్కలో చెడ్డది, వేరుశనగ గుళ్లు మంచివి.

గంటకోసారి పాల టీ, మధ్యలో రెండు బిస్కెట్లు అన్న అలవాటు పేగు చీపురును పనిచేయనివ్వదు. భోజనాల మధ్య నాలుగైదు గంటలు ఖాళీ ఉంచమని చెప్పేది అందుకే. దీని మీద పెద్ద అధ్యయనాలేవీ లేవు, కానీ ఆ చీపురు ఎలా పనిచేస్తుందో తెలిశాక మాట సబబుగానే ఉంది, ఖర్చూ లేదు.

తిరగబెట్టడం

ఇటలీలో 80 మంది రోగులను రిఫాక్సిమిన్‌తో నయం చేసి వెంబడించిన 2008 నాటి అధ్యయనంలో, మూడు నెలలకు సుమారు నూటికి 13 మందిలో, ఆరు నెలలకు 28 మందిలో, తొమ్మిది నెలలకు 44 మందిలో ఊపిరి పరీక్ష మళ్లీ పాజిటివ్ అయింది. పెద్ద వయసు, అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకుని ఉండటం, యాసిడ్ తగ్గించే మాత్రలు ఏళ్ల తరబడి వాడటం అలా తిరగబెట్టినవాళ్లలో ఎక్కువగా కనిపించాయి.

ఆ రాజాం రైతు విషయానికే వద్దాం. 42 మాత్రలు పూర్తయ్యాక ఉబ్బరం తగ్గి, విరేచనం రోజుకు ఒకటి రెండుసార్లకు వచ్చిందనుకుందాం. బి12 ఇంజెక్షన్లు మొదలయ్యాయి. బాధ తగ్గితే వెంటనే మళ్లీ ఊపిరి పరీక్ష చేయాల్సిన అవసరం లేదు. ఏడో నెలలో పొట్ట మళ్లీ బిగుసుకుంటే డాక్టరు మొదట అడగాల్సింది పాంటోప్రజోల్ గురించి. గుండెకు ఆస్పిరిన్ లాంటివి వాడుతూ పుండు పడకుండా ఇచ్చిందైతే దాన్ని సొంతంగా ఆపకూడదు. ఆయన విషయంలో అలాంటి కారణమేదీ లేదు, మూడేళ్ల నాటి గుండెమంట మాత్రమే ఉంది. ఒక్కసారిగా మానేస్తే కొన్ని వారాలు యాసిడ్ ఎగదన్ని మంట ఎక్కువవుతుంది. ‘మాత్ర లేకపోతే బతకలేను’ అని మళ్లీ మొదలుపెట్టేది సరిగ్గా ఆ వారాల్లోనే. అందుకే మోతాదు సగం చేసి, తర్వాత రోజు విడిచి రోజు వేసుకుంటూ నెమ్మదిగా దిగమంటారు. రెండో విడత 42 మాత్రల చీటీ రాసేది ఆ మాట తేలాకే.